“ఊట ఆయ్తా?” అని పలకరిస్తే

(బెంగళూరు మారతహళ్ళిలో, ఈ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళ కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక స్పోకెన్ కన్నడ టీచర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పనులన్నీ పక్కన పెట్టుకుని వచ్చారు, సంతోషం.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినదాన్ని. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే కన్నడ. చాలా ఏళ్ళుగా మనవాళ్ళకి కన్నడ మాట్లాడటం నేర్పుతున్నాను. ఇవాళ మీకు భాష నేర్పడానికి రాలేదు, గంటలో అది అయ్యే పని కూడా కాదు. ఒకే ఒక్క సందర్భం గురించి మాట్లాడతాను. ఎదురింటావిడో, కింద కొట్టాయనో మిమ్మల్ని చూసి కన్నడలో పలకరించారు. మీకు కన్నడ అంతంత మాత్రం. ఆ తర్వాత అర నిమిషం ఏం చెయ్యాలి? అంతే.

మీలో చాలామందికి ఆ పలకరింపు అర్థం కాక కాదు ఇబ్బంది. “నమస్కార, చెన్నాగిద్దీరా?” అంటే ఏంటో తెలుగువాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. “ఊట ఆయ్తా?” అన్నా అంతే. మన ఊళ్ళల్లో “భోజనం అయ్యిందా?” అని అడిగినట్టే. ఏం కూర తిన్నారని ఎవరూ అడగటం లేదు, మిమ్మల్ని చూశానని చెబుతున్నారు. పొద్దున పూట అయితే “తిండి ఆయ్తా?” అంటారు, అంటే టిఫిన్ అయ్యిందా అని. సాయంత్రం “కాఫీ ఆయ్తా?” అని కూడా అంటారు. వినేటప్పుడు ఇదంతా తెలుస్తూనే ఉంటుంది. బదులు చెప్పబోయేసరికి నోట్లోంచి మాట రాదు, టెన్షన్ వచ్చేస్తుంది.

అప్పుడు మనవాళ్ళు చేసేవి నేను ఎక్కువగా చూసినవి రెండు. మొదటిది, నవ్వి తలూపి గబగబా లిఫ్ట్ ఎక్కేయడం. రెండోది “కన్నడ గొత్తిల్ల” అనడం. ఈ ఊరికి వచ్చిన వాళ్ళందరికీ ముందుగా వచ్చే కన్నడ మాట ఇదే. ఆ మాటలో తప్పు లేదు. అది పడే చోటు తప్పు. ఎందుకో చెబుతాను.

మనుషులు మాట్లాడుకునేటప్పుడు మాటలు జంటలుగా నడుస్తాయని, సంభాషణల రికార్డింగులు పెట్టుకుని ఒక్కో ముక్కా విని పరిశీలించిన వాళ్ళు గమనించారు. ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ పండితుడు 1968లోనే, ఫోన్లో సంభాషణలు ఎలా మొదలవుతాయన్న దాని మీద రాశాడు. పిలుపుకి పలుకు, పలకరింపుకి పలకరింపు, ప్రశ్నకి జవాబు. మొదటి ముక్క పడగానే రెండో ముక్క కోసం ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో రావాల్సింది రాకపోతే, రాలేదన్న సంగతి అవతలివాళ్ళకి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇప్పుడు “చెన్నాగిద్దీరా?” అని ఒకావిడ అడిగింది. అక్కడ రావాల్సింది “బాగున్నాను, మీరు?” అనే ముక్క. మీరు అక్కడ “నాకు కన్నడ రాదు” అని పెట్టారు. మీ దృష్టిలో అది వినయం. ఆవిడ వైపు నుంచి చూడండి, పలకరింపుకి పలకరింపు తిరిగి రాలేదు. మీకు భాష రాదన్న సంగతి తర్వాత సంగతి.

కాబట్టి వరస ముఖ్యం. ముందు జంట పూర్తి చెయ్యండి, తర్వాత మీ పరిమితి చెప్పండి. “చెన్నాగిద్దీని, నీవు?” అన్నాక “నంగె కన్నడ స్వల్ప స్వల్ప బరుత్తె” అనొచ్చు, అంటే నాకు కన్నడ కొద్దికొద్దిగా వచ్చు అని. ఇదే మాట ముందు చెబితే తలుపు వేసినట్టు ఉంటుంది, తర్వాత చెబితే సాయం అడిగినట్టు ఉంటుంది.

దీనికి తోడు ఇంకొకటి ఉంది, వ్యవధి. 2009లో పది భాషల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషలూ అందులో ఉన్నాయి, అవునా కాదా అని అడిగే ప్రశ్నలకి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచారు. సగటున సెకనులో ఐదో వంతు. భాషకీ భాషకీ కొంచెం తేడా ఉన్నా, అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అంటే అవతలి మనిషి మాట ముగిసిందో లేదో, జవాబు మొదలైపోతుంది. మీరు మనసులో తెలుగు వాక్యం కట్టుకుని, దాన్ని కన్నడలోకి మార్చుకుని, క్రియ సరిచూసుకుని చెప్పేసరికి రెండు సెకన్లు దాటుతుంది. ఆ రెండు సెకన్ల మౌనాన్ని అవతలివాళ్ళు “పాపం, మాటలు వెతుక్కుంటోంది” అని అనుకోకపోవచ్చు. “మాట్లాడటం ఇష్టం లేదేమో” అనుకునే అవకాశమే ఎక్కువ. మన ఇళ్ళల్లో కూడా అంతే కదా, “పెళ్ళికి వస్తున్నావా?” అని అడిగితే కాసేపు మాట్లాడకపోతే రావట్లేదని అర్థమైపోతుంది.

అందుకే మొదటి జవాబు అప్పటికప్పుడు తయారు చేసుకునేది కాకూడదు. నోట్లో సిద్ధంగా ఉండాలి. దీనికి ఒక సులువుంది, తెలుగువాళ్ళకి మాత్రం ఇది నిజంగా సులువే, హిందీవాళ్ళకి ఇంత తేలిక కాదు.

తెలుగులో మనం “అయ్యిందా?” అని అడిగితే “అయ్యింది” అంటాం. “కావాలా?” అంటే “కావాలి”. చివర ఉన్న ఆ సాగదీత తీసేసి, అదే మాట తిరిగి అప్పజెబుతాం. కన్నడలో కూడా సరిగ్గా ఇలాగే. “ఆయ్తా?” అంటే “ఆయ్తు”. “బేకా?” అంటే “బేకు”. “సాకా?” అంటే “సాకు”, చాలు అని. “గొత్తా?” అంటే “గొత్తు”, తెలుసు అని. “చిల్లరె ఇద్యా?” అని కండక్టర్ అడిగితే “ఇదె”. లేదంటే “ఇల్ల”. అంటే జవాబు మీకు ప్రశ్నలోనే అందుతోంది. కొత్త మాట వెతుక్కోవక్కర్లేదు, వాళ్ళు చేతికిచ్చిన మాటనే తోక కత్తిరించి తిరిగి ఇవ్వాలి. ఇంగ్లిష్ అలవాటు కొద్దీ “యెస్ యెస్” అంటారు చాలామంది, “హౌదు” అని నేర్చుకున్నవాళ్ళు దానితో సరిపెడతారు. “హౌదు” తప్పు కాదు. అయినా “ఊట ఆయ్తా?” అంటే “ఆయ్తు” అన్నప్పుడు వినే మనిషి ముఖంలో వచ్చే వెలుగు వేరు, ఎందుకంటే ఆ ఊరివాళ్ళు అలాగే అంటారు.

ఇది ఎక్కడ పనిచెయ్యదో కూడా చెప్పాలి. క్రియలో మనిషి దాగి ఉంటే పనిచెయ్యదు. “చెన్నాగిద్దీరా?” లో “మీరు” ఉంది. దానికి “చెన్నాగిద్దీరి” అంటే మీరు బాగున్నారు అని ఆవిడకే చెప్పినట్టు. “చెన్నాగిద్దీని” అనాలి. ఇదీ మనకి కొత్త కాదు, “బాగున్నారా?” అంటే “బాగున్నాను” అంటాం గానీ “బాగున్నారు” అనం. కాబట్టి “ఇద్దీరా”కి “ఇద్దీని” అన్నది ఒక్కటీ నోటికి పట్టించుకోండి. మిగతా “ఆయ్తు, బేకు, ఇదె” లాంటి వాటిలో మనిషి లేడు, ధైర్యంగా తిప్పి చెప్పెయ్యొచ్చు.

ఇక ఏ ప్రశ్నకి ఇలా తిప్పి చెప్పాలో, దేనికి వివరం ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? వాక్యం చివరి సాగదీతని నమ్ముకుంటే ఒక్కోసారి మోసపోతాం. ప్రశ్న పదం ఉందేమో వినండి. ఎల్లి, ఏను, ఎష్టు, యావాగ, యాకె, యారు. దాదాపు అన్నీ “ఎ, ఏ, యా”తో మొదలవుతాయి, మన ఎక్కడ, ఏమి, ఎంత, ఎప్పుడు లాగే. “హేగె” ఒక్కటి వేరు, ఎలా అని. ఇలాంటి మాట వినబడితే వాళ్ళకి వివరం కావాలి. వినబడకపోతే అవునా కాదా అని అడుగుతున్నారు.

జవాబు అయ్యాక తిరిగి అడగడం ఉంటుంది కదా, అసలు చిక్కు అక్కడుంది. తెలుగువాళ్ళకి మాత్రమే వచ్చే చిక్కు ఇది, కాసేపు దీని మీద ఉంటాను.

కన్నడలో “నీను” అంటే నువ్వు, “నీవు” అంటే మీరు. తెలుగులో “నీవు” అంటే నువ్వే. అందుకని అరవై ఏళ్ళ పెద్దావిడని “నీవు?” అని అడగాలంటే మనకి నోరు రాదు. అమర్యాద అనిపిస్తుంది. కొందరు ఆ భయంతో అసలు తిరిగి అడగరు, “చెన్నాగిద్దీని” అని ఆపేస్తారు. మాట తెగిపోతుంది. సంకోచపడకండి, కన్నడలో “నీవు” గౌరవమే. “నిమ్దు?” అంటే మీది, “నిందు?” అంటే నీది. “ఊట ఆయ్తా?” అన్నవాళ్ళని తిరిగి “నిమ్దు?” అని అడగాలి. మధ్యలో మ స్పష్టంగా వినపడేలా పెదాలు కలిపి అనండి. తొందరలో అది న అయిపోతే “నీది?” అన్నట్టు అయిపోతుంది.

ఇంకోటి. మనం భాష ఎవరి దగ్గర పట్టుకుంటాం? మనతో మాట్లాడేవాళ్ళ దగ్గర. మీరు పాతికేళ్ళ వాళ్ళు, ఇంటి ఓనరమ్మ మిమ్మల్ని కొడుకులానో కూతురులానో చూసి “బా”, “కూత్కో”, “హేళు” అంటుంది. రా, కూర్చో, చెప్పు అని. ప్రేమగా అంటుంది. మీరు రోజూ వింటారు, మీ నోటికి అవే వస్తాయి. ఒకరోజు ఆవిడ మీ గుమ్మంలోకి వస్తే మీరు సంబరంగా “బా” అంటారు. ఆవిడ ఏమీ అనదు, ముఖం మాత్రం క్షణంసేపు మారుతుంది. మీకు కారణం తెలియదు. “బన్ని”, “కూత్కొళ్ళి”, “హేళి” అనాలి. నా క్లాసులో నేను మొదటి నెలంతా ఏకవచనం నేర్పనే నేర్పను. పిల్లవాడిని “బన్ని” అని పిలిస్తే నవ్వుతాడు, అంతే. పెద్దాయన్ని “బా” అంటే ఆయన నొచ్చుకుంటాడు. బస్సు కండక్టర్, ఆటో ఆయన, పాలబ్బాయి, అందరికీ బహువచనమే వాడండి.

ఇప్పుడు ఒక సంభాషణ మొత్తం తీసుకుందాం. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయిది, కర్నూలు నుంచి వచ్చింది, కన్నడ మొదలుపెట్టి కొద్ది రోజులే అయింది. తనకి జరిగింది జరిగినట్టు చెబితే బోర్డు మీద రాసుకున్నాం. వాళ్ళ బిల్డింగులో కింద అంతస్తులో ఒక అజ్జి ఉంటుంది. మెట్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఈ అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని దిగుతోంది.

అజ్జి: “నమస్కార కణమ్మా. ఊట ఆయ్తా?”

అమ్మాయి: “నమస్కార అజ్జీ. ఆయ్తు. నిమ్దు?”

ఇక్కడికి జంటలు రెండూ పూర్తయ్యాయి. నమస్కారానికి నమస్కారం, ప్రశ్నకి జవాబు, పైగా తిరుగు ప్రశ్న. మొత్తం మీద ఆ అమ్మాయి వాడినవి నాలుగు మాటలు. “అజ్జీ” అన్న పిలుపు చూడండి, ఆ వరస కలపడం వల్ల మాటకి ఒక దగ్గరితనం వచ్చింది. అమ్మమ్మ వయసు ఆవిడైతే అజ్జి, అమ్మ వయసు అయితే ఆంటీ అనేది ఇక్కడ కూడా మామూలే, పెద్దాయనైతే “సార్”కి ఎవరూ ఏమీ అనుకోరు.

అజ్జి: “నందూ ఆయ్తు. ఎల్లిగె హోగ్తా ఇద్దీయా?”

చివర సాగదీత వినబడింది, కానీ ముందు “ఎల్లిగె” ఉంది. అంటే వివరం కావాలి, ఎక్కడికి అని. ఈ అమ్మాయికి “నేను ఆఫీసుకి వెళ్తున్నాను” అని పూర్తి వాక్యం రాదు. అవసరం కూడా లేదు.

అమ్మాయి: “ఆఫీసిగె అజ్జీ.”

మన “కి” వాళ్ళ “గె”. ఆఫీసిగె, అంగడిగె, ఊరిగె. ఒక్క మాటతో జవాబు అయిపోయింది. ఇంట్లో మనం మాత్రం “ఎక్కడికి?” అంటే పూర్తి వాక్యం చెబుతామా? “బజారుకి” అంటాం.

జవాబులు చకచకా వస్తున్నాయి కాబట్టి అజ్జికి ఉత్సాహం వచ్చింది. ఇది తప్పకుండా జరుగుతుంది, ముందే తెలుసుకోండి. మీరు మొదటి రెండు జవాబులు బాగా చెబితే అవతలివాళ్ళు మీకు కన్నడ వచ్చేసిందనుకుని మామూలు వేగంతో మొదలుపెడతారు.

అజ్జి: “ఇవత్తు భానువార అల్వా? రజా ఇల్వా నింగె?”

అమ్మాయికి “భానువార” అందింది, ఆదివారం. మిగతాది అందలేదు. మీరంతా గమనించాల్సింది ఈ క్షణం. ఇక్కడ తలూపి నవ్వేస్తే సంభాషణ అక్కడే కుంటుతుంది, ఎందుకంటే అజ్జి అడిగింది ప్రశ్న, “రజా ఇల్వా?” అన్నదానికి తలూపితే సెలవు లేదనా, ఉందనా? “అర్థ ఆగ్లిల్ల” అంటే అజ్జి మొత్తం మళ్ళీ మొదటినుంచి, బహుశా ఇంకాస్త గట్టిగా చెబుతుంది. గట్టిగా చెబితే అర్థం అవుతుందా! ఆ అమ్మాయి ఏం చేసిందంటే, తనకి తగిలిన కొత్త మాటని పట్టుకుని తిరిగి అడిగింది.

అమ్మాయి: “రజా?”

అజ్జి: “రజా, రజా... ఆఫీస్ ఇల్ల, మనేలే ఇర్తారల్లా.”

ఆఫీస్ లేదు, ఇంట్లోనే ఉంటారు కదా. సెలవు అని అమ్మాయికి తెలిసిపోయింది.

అమ్మాయి: “ఓ, రజా ఇల్ల అజ్జీ. నంగె కన్నడ స్వల్ప స్వల్ప బరుత్తె, కలీతా ఇద్దీని.”

పరిమితి ఎక్కడ చెప్పిందో చూశారా? పలకరింపు అయ్యాక, నాలుగు మాటలు నడిచాక, ఒక మాట అడ్డం తగిలి అది తీరిపోయాక. “కలీతా ఇద్దీని” అంటే నేర్చుకుంటున్నాను. “బరల్ల”, రాదు అని చెప్పి ఆగిపోయి ఉంటే అజ్జి ఇంక ఏం మాట్లాడాలో తెలియక ఊరుకునేది. నేర్చుకుంటున్నాను అంది కాబట్టి తర్వాత రోజు నుంచి అజ్జి నిదానంగా మాట్లాడటం మొదలుపెట్టిందట.

అమ్మాయి: “ఆయ్తు అజ్జీ, బర్తీని.”

అజ్జి: “హోగి బామ్మా.”

వెళ్ళేటప్పుడు వస్తానని చెప్పడం మనకి ఎంత సహజమో వాళ్ళకీ అంతే. “బర్తీని” అనకుండా వెళ్ళిపోతే, మధ్యలో ఎంత బాగా మాట్లాడినా తప్పించుకుని పారిపోయినట్టు ఉంటుంది. భాష బొత్తిగా రానివాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, మొదటి మాటా చివరి మాటా గట్టి చేసుకోండి. మధ్యలో ఇంగ్లిష్ కలిసినా, తెలుగు కలిసినా, చేతులు ఊపినా పర్వాలేదు.

అర్థం కాని మాటని పట్టుకుని తిరిగి అడగడం గురించి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు దీనికి సిగ్గుపడతారు. మళ్ళీ అడిగితే మనకి భాష రాదని బయటపడుతుందని భయం. 2015లో 12 భాషల్లో మామూలు మాటల రికార్డింగులు తీసుకుని ఒక అధ్యయనం చేశారు. సొంత భాషలో, సొంత మనుషుల మధ్య కూడా సగటున నిమిషంన్నరకోసారి ఎవరో ఒకరు “ఆఁ?”, “ఎవరు?”, “ఎక్కడన్నావ్?” అని ఆపి అడుగుతూనే ఉన్నారు. పుట్టినప్పటి నుంచి ఆ భాషలో ఉన్నవాళ్ళే అంత తరచుగా అడుగుతుంటే, నెల కిందట వచ్చిన మీరు అడగడంలో వింతేముంది? అదే అధ్యయనంలో ఇంకోటి కూడా తేలింది, జనం వీలైనంతవరకు ఎక్కడ అర్థం కాలేదో ఆ చోటు చూపించే అడుగుతారు. వట్టి “ఆఁ?” అంటే అవతలివాళ్ళు అంతా మళ్ళీ చెప్పాలి. “రజా?” అంటే ఆ ఒక్క ముక్క విప్పితే చాలు. శ్రమ తగ్గించేది ఎప్పుడూ మర్యాదే.

దీనికి వ్యతిరేకంగా, అర్థం కాకపోయినా “హూఁ హూఁ” అనేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ళు మంచివాళ్ళు, ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదనే అలా అంటారు. తెలుగువాళ్ళకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మనకి సగం మాటలు తెలిసినవే తగులుతాయి, తగిలిన వాటితో మిగతాది ఊహించుకుంటాం. వాచ్‌మన్ వచ్చి “నాళె బెళిగ్గె నీరు బరల్ల, ఇవత్తే తుంబిట్కొళ్ళి” అన్నాడనుకోండి. “నీరు” అందింది. నీళ్ళ సంగతేదో చెబుతున్నాడని తలూపి తలుపు వేసుకుంటారు. ఆయన చెప్పింది రేపు పొద్దున నీళ్ళు రావు, ఇవాళే పట్టుకోండి అని. మర్నాడు పళ్ళు తోముకోవడానికి నీళ్ళుండవు. అది మీకు నష్టం. ఆయనకి ఇంకో నష్టం, చెప్పాను, సరేనన్నారు, ఇప్పుడు నన్ను తిడుతున్నారు అని. ఆ తర్వాత ఆయన మీ తలుపు కొట్టడు. “నాళె?” అని ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. తలూపే ముందు మీలో మీరు ఒకటి చూసుకోండి, ఇప్పుడు ఆయన అన్నదాన్ని తెలుగులో చెప్పమంటే చెప్పగలనా? లేకపోతే అడగండి. “ఇన్నొందు సల హేళి” అనొచ్చు, ఇంకోసారి చెప్పండి అని. “నిధానవాగి హేళి”, నిదానంగా చెప్పండి అని. ఫోన్లో అయితే మొహమాటం లేకుండా ఈ రెండో మాట మొదట్లోనే అనెయ్యండి, అక్కడ ముఖాలు, చేతులు కనిపించవు కదా.

మీ ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(సభలో ఒకరు: “మేడమ్, నేను కన్నడలో బదులిస్తే, నా యాస విని వాళ్ళే తెలుగులోకి మారిపోతారు. మా కొట్టాయన అంతే. నా కన్నడ బాగా లేదనా?”)

చాలా మంచి ప్రశ్న. ఈ ఊళ్ళో ఇది రోజూ జరిగేదే. ఇక్కడ తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్ళు తరాలుగా ఉన్నారు, వ్యాపారం చేసే కన్నడవాళ్ళకి తెలుగు, తమిళం, హిందీ, మూడూ నాలికమీద ఉంటాయి. మీ యాస వినగానే మీకు తేలిక చెయ్యాలని మారతారు. అది మిమ్మల్ని తోసేయడం కాదు, మీ దగ్గరికి రావడం. కొట్లో రద్దీగా ఉంటే ఆయన తెలుగే మాట్లాడనివ్వండి, మీ వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అప్పుడు కూడా పలకరింపూ, వెళ్ళొస్తానన్న మాటా కన్నడలో ఉంచుకోవచ్చు. “నమస్కార సార్”, మధ్యలో తెలుగు, చివర “బర్తీని సార్”. ఖాళీగా ఉన్నప్పుడు అయితే “కన్నడదల్లే హేళి సార్, కలీతా ఇద్దీని” అని అడగండి, చాలామంది ఎంతో సంతోషంగా మాట్లాడతారు. అడిగాక కూడా తెలుగులోనే మాట్లాడితే వదిలెయ్యండి. ఆయన అక్కడ ఉన్నది వ్యాపారానికి, మీకు పాఠం చెప్పడానికి కాదు.

దీనికి తిరగేసింది కూడా ఉంది. మీరు తెలుగువాళ్ళని తెలిసి కన్నడ పొరుగావిడ తనకి వచ్చిన ఒక్క తెలుగు మాటతో “బాగున్నారా?” అంటుంది. మనవాళ్ళు ఏం చేస్తారు? ఆనందం పట్టలేక “అరె, మీకు తెలుగు వచ్చా! ఎక్కడ నేర్చుకున్నారు?” అని గడగడా మొదలుపెడతారు. ఆవిడ బెదిరిపోతుంది. అజ్జి మీకు చేసినదే మీరు ఆవిడకి చేస్తున్నారు. “బాగున్నాను, మీరు?” అని నిదానంగా, చిన్నగా అనండి. ఆవిడ “బాగున్నాను” అనగలదు, ఎందుకంటే ఆ మాట మీ నోటి నుంచి ఇప్పుడే విన్నది. ఆపైన ఏ భాషలో సాగాలో ఆవిడకే వదిలెయ్యండి. ఉచ్చారణ సరిదిద్దొద్దు, ఆవిడ అడిగితే తప్ప.

(సభలో మరొకరు: “మా సెక్యూరిటీ అతన్ని రోజూ ‘నమస్కార, ఊట ఆయ్తా’ అంటాను మేడమ్. అతను దిక్కులు చూస్తాడు.”)

అతను ఏ ఊరివాడో కనుక్కున్నారా? ఇక్కడ సెక్యూరిటీలో పనిచేసేవాళ్ళు చాలామంది అస్సాం, బీహార్, ఒడిశా, నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు. అతనికి మీకన్నా తక్కువ కన్నడ వచ్చేమో. ఎవరు ఏ భాషలో పలకరిస్తే ఆ భాషలో బదులివ్వడం మన మొదటి పని. మీరే ముందు పలకరించాల్సి వస్తే “నమస్తే”, “నమస్కార” రెండూ అందరికీ తెలిసేవే, ఆ తర్వాత అతను ఏ భాష ఎత్తుకుంటాడో వినండి. ఈ ఊళ్ళో ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి, తమిళం మాట్లాడే పేటలున్నాయి. కన్నడ నేర్చుకున్నాం కదా అని అందరి మీదా ప్రయోగించకూడదు.

(వెనక నుంచి ఒకరు: “మరి ఎవరైనా కోపంగా, ఇక్కడుంటూ కన్నడ రాదా అని అడిగితే?”)

అలా అడిగేవాళ్ళు అరుదు. అడిగితే వాదించకండి. ఆ మనిషికి ఎన్నో సంఘటనలు మనసులో ఉండొచ్చు, ఆ కోపం అంతా మీ గురించే అయి ఉండకపోవచ్చు. “దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు” లాంటి మాటలు అక్కడ ఎందుకూ పనికిరావు, నిజమే అయినా గొడవ పెంచుతాయి. “స్వల్ప బరుత్తె సార్, కలీతా ఇద్దీని, నిధానవాగి హేళి” అనండి. ఈ మూడు ముక్కలూ కన్నడలోనే అన్నారు కాబట్టి ఆయన అడిగినదానికి అదే జవాబు. అప్పటికీ గొంతు తగ్గకపోతే “సరి సార్, బర్తీని” అని అక్కడి నుంచి వచ్చెయ్యండి. ప్రతి మాటనీ మీరే చక్కదిద్దాల్సిన పని లేదు.

ఇంకో పది నిమిషాలు టైమ్ ఉంది. ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు “తిండి ఆయ్తా?” అనండి, ఇంకొకరు తడుముకోకుండా “ఆయ్తు, నిమ్దు?” అనాలి. మ పలికేటప్పుడు పెదాలు కలుస్తున్నాయో లేదో పక్కవాళ్ళు చూడండి.